ఎర్ర టేపు రెండు వందల మీద

పాత జనరేటరు ప్యానెల్లో కిలోవాట్ మీటరు అద్దానికి ఒక చిన్న ఎర్ర టేపు ముక్క అంటించి ఉండేది. కరెంటు వైర్లకు చుట్టే మామూలు టేపే. రెండు వందల అంకె దగ్గర, గోరంత వెడల్పున. ఆ టేపును నేను లెక్కలోకి తీసుకోలేదు. దాంతో ఒక మనిషికి పన్నెండేళ్ళ ఉద్యోగం పోయింది, దొంగ అన్న పేరు వచ్చింది. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందుకే మొదటే రాసేస్తున్నాను, మళ్ళీ మనసు మార్చుకోకుండా.

తొంభైల చివర్లో హోసూరులో, యంత్ర భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంజినీరుగా చేరాను. పీజీ అప్పుడే అయింది. ఆప్టిమైజేషన్ పేపర్లో క్లాసుకు మొదటివాణ్ణి. ఆ సంగతి అడగనివాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి. అప్పట్లో రోజూ పొద్దున పది నుంచి మూడు దాకా కరెంటు కోత. ఆ ఐదు గంటలూ ఫ్యాక్టరీ రెండు డీజిల్ జనరేటర్ల మీద నడిచేది. ఒకటి పాతది, నిదానంగా తిరిగే పెద్ద ఇంజను, తక్కువ తాగేది. రెండోది కొత్తది, చురుకైనదే గానీ దాహం ఎక్కువ.

ఆ రెంటినీ నడిపే ఆపరేటరుకు నలభై ఐదేళ్ళుంటాయి. డెంకణికోట దగ్గర పల్లె, పాతకాలపు రైతు కుటుంబం. అన్నదమ్ములు భూమి చూసుకుంటుంటే తను మత్తిగిరిలో అద్దె ఇంట్లో ఉండి సైకిలు మీద డ్యూటీకి వచ్చేవాడు. హ్యాండిలుకు ఎప్పుడూ ఐదు లీటర్ల తెల్ల క్యాను ఒకటి వేలాడుతుండేది. వాళ్ళ వీధి బోరు నీళ్ళు ఉప్పుగా ఉండేవట, సాయంత్రం పోతూ ఫ్యాక్టరీ నీళ్ళు పట్టుకుపోయేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను సార్ అనేవాడు, నా వయసు ఆయన వయసులో ఇంచుమించు సగమే అయినా.

డీజిల్ ఖర్చు తగ్గించమని ప్లాంటు మేనేజరు అడిగినప్పుడు నాకు పండగే అయింది. ఆ లెక్క నా కోసమే పుట్టిందనిపించింది. రెండు ఆదివారాలు కూర్చుని ఒక్కో ఇంజను ఏ లోడు దగ్గర ఎంత తాగుతుందో కొలిచాను. పాతదానిమీద ఆ రోజుల్లో నూట ఎనభై కిలోవాట్లకు మించి లోడు దొరకలేదు. ఆపైన గీతను నేనే పొడిగించాను. గంటకు ఇన్ని లీటర్లని రెండు సూత్రాలు తేలాయి. పాతదానికి ఊరకే తిరగడానికి ఎనిమిది లీటర్లు, లోడులో ప్రతి కిలోవాటుకూ 0.16, ఆపైన లోడు వర్గానికి 0.0002. కొత్తదానికి ఆరు, 0.20, మళ్ళీ అదే 0.0002. ఫ్యాక్టరీకి కావలసింది మొత్తం నాలుగు వందల కిలోవాట్లు. దాన్ని రెంటికీ ఎలా పంచితే డీజిల్ అతి తక్కువ అవుతుంది? అదీ ప్రశ్న.

ఇలాంటి ఖర్చును కాన్వెక్స్ అంటారు. గీసి చూస్తే గిన్నెలా ఉంటుంది, ఒకటే అడుగు. షరతులన్నీ నెరవేరే చోటు ఒకటి దొరికిందంటే, అంతకన్నా తక్కువ ఇంకెక్కడా ఉండదని గట్టిగా చెప్పవచ్చు. షరతులు కూడా కష్టమైనవి కావు. ఏ హద్దూ అడ్డం లేనప్పుడు, ఇంకొక్క కిలోవాటు పెంచితే పడే అదనపు ఖర్చు రెండు ఇంజన్లకూ సమానంగా ఉండాలి. హద్దులున్నప్పుడు ఒక్కొక్క హద్దునూ తట్టి చూడాలి. హద్దును కాస్త జరిపితే ఎంత ఖర్చు తగ్గుతుందో చెప్పే అంకెను గుణకం అంటారు. హద్దు వదులుగా ఉంటే, అంటే సమాధానం దాన్ని తాకకుండా ఉంటే, గుణకం సున్నా. బిగిసి ఉంటే గుణకానికి విలువ ఉండవచ్చు గానీ అది మైనస్ కాకూడదు. మైనస్ వచ్చిందంటే ఆ హద్దును అనవసరంగా పట్టుకుని వేలాడుతున్నామని అర్థం, వదిలేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

నా లెక్కలో పాతదానికి రెండు వందల యాభై, కొత్తదానికి నూట యాభై వచ్చాయి. రెంటికీ అదనపు ఖర్చు సరిగ్గా 0.26. ఇక హద్దులు. పాతదానికి కంపెనీ కొట్టిన ప్లేటు మీద గరిష్ఠం మూడు వందల ఇరవై, కొత్తదానికి మూడు వందలు. కనీస లోడు పాతదానికి తొంభై ఆరు, కొత్తదానికి తొంభై. నాలుగూ వదులుగానే ఉన్నాయి. నాలుగు గుణకాలూ సున్నా. గంటకు నూట ఒక్క లీటర్లు. కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టాను. ఏ లెక్క చేసినా కుడి మూల తేదీ వేయడం నాకు కాలేజీ నుంచి అలవాటు.

పాతదానికి 250, కొత్తదానికి 150 అని పెద్ద అక్షరాలతో చార్టు రాసి ప్యానెల్ పక్కన అంటించాను. ఆపరేటరు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

“పాతదానికి రెండు వందల యాభై పెట్టినారే సార్. ఎర్ర గీటు దాటుతుంది కదప్పా.”

“ప్లేటు మీద మూడు వందల ఇరవై ఉందన్నా.”

“ప్లేటు కొట్టినప్పుడు దానికి వయసుండె. ఇప్పుడు దాని మోకాళ్ళూ నా మోకాళ్ళూ ఒకటే.”

నాకు నవ్వొచ్చింది. “రెండు వందలని ఎవరు చెప్పారు?”

“సిలిండరు లైనర్లు మార్చేదానికి వచ్చిన మెకానిక్కు చెప్పినాడు. ఆ గీటు దాటితే గంటలో ఇంజను నీళ్ళు కాగుతాయి. నేనూ చూసినాను.”

“రాసిచ్చాడా?”

“నోటితో చెప్పినాడు. టేపు నేనే అంటించినాను.”

కాగితం మీద లేని హద్దు నా దృష్టిలో హద్దే కాదు. ఆ మాట ఆయనతో అనలేదు గానీ నా మొహం అనే ఉంటుంది. “చార్టు ప్రకారం నడపండన్నా” అన్నాను. “సరేలే సార్” అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు, పిల్లవాడితో వాదన ఎందుకని ఊరుకోవడం. అప్పుడు ఆ తేడా నాకు తెలియలేదు. ఆయన మీటరు ముల్లును టేపు దగ్గరే నిలిపి, రెంటినీ చెరి రెండు వందల మీద నడుపుతూ వచ్చాడు. రిజిస్టరులో మొత్తం యూనిట్లు, గంటలు, లీటర్లు మాత్రమే రాసేవాళ్ళం. ఏ ఇంజను మీద ఎంత లోడు పెట్టారో రాసే గడి అందులో లేదు.

మూడు నెలల తర్వాత మేనేజరు సగటు తీయించాడు. గంటకు నూట రెండు లీటర్లు. గంటకు ఒక లీటరు తేడా ఏ ఒక్క రోజు కొలతలోనూ కనబడేది కాదు, మూడు నెలల సగటులో మాత్రం స్పష్టంగా కనబడింది. ఆయన నన్ను పిలిచి అడిగాడు, నూట ఒకటి అన్నది ఖాయమేనా అని. కాన్వెక్స్ గురించి, గిన్నె గురించి, హద్దుల గురించి ఆయనకు అరగంట పాఠం చెప్పాను. నా జన్మలో అంత బాగా పాఠం ఎప్పుడూ చెప్పలేదు.

“అంటే గంటకు ఒక లీటరు ఎక్కడికో పోతోంది. ఐదు గంటలకు ఐదు లీటర్లు,” అన్నాడు మేనేజరు. కిటికీలోంచి సైకిళ్ళ వైపు చూసి, “కరెక్టుగా ఒక క్యాను,” అన్నాడు.

క్యానులో నీళ్ళేనని నాకు తెలుసు, ఆయన కొళాయి దగ్గర పట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. కానీ ఆ అంకె ఎంత చక్కగా కుదిరిందో! అంకెలు అంత చక్కగా కుదిరితే నాలాంటివాడు కళ్ళు నమ్మడు, అంకెల్నే నమ్ముతాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర, షిఫ్టు దిగి పోతున్న అందరి ముందూ, సెక్యూరిటీ అతను ఆయన క్యాను మూత తీయించి వాసన చూశాడు. నీళ్ళే. మరుసటి రోజు మేనేజరు గదిలో విచారణ అన్నారు గానీ, ఉన్నది మేము ముగ్గురమే.

“నిన్న నీళ్ళు. మొన్న?” అన్నాడు మేనేజరు.

“ఎప్పుడూ నీళ్ళేనప్పా. నేను పాతదాన్ని రెండు వందల మీద నిలిపినాను. అందుకే కొంచెం ఎక్కువ తాగింటుంది.”

“రెండు వందలు దాటకూడదని ఎక్కడైనా రాసి ఉందా?” ఈ ప్రశ్న నాకు.

“లేదు సార్. ప్లేటు మీద మూడు వందల ఇరవై ఉంది.”

ఆపరేటరు నా వైపు తిరిగాడు. కోపంగా కాదు. ఏదో పనిముట్టు అందించమని అడిగినట్టు అడిగాడు. “సార్, నా గీటు పెట్టి ఒకసారి లెక్క వేసి చూడండప్పా. అప్పుడూ తేడా వస్తే నేనే పోతాను.”

ఒక్క హద్దు చేర్చి మళ్ళీ చేయడమే. పది నిమిషాల పని. కాలిక్యులేటరు నా చొక్కా జేబులోనే ఉంది. కానీ నాకు చురుక్కుమంది. పదో తరగతి దాటని మనిషి నా లెక్కలో ఏ హద్దు ఉండాలో నాకు చెబుతున్నాడు! “ఇష్టం వచ్చిన అంకెలు పెట్టి లెక్క చేయరన్నా” అన్నాను. ఇన్నేళ్ళలో నేను చాలా తప్పు మాటలు అన్నాను. వాటిలో నాకు పూర్తిగా గుర్తున్నది, నా గొంతుతో సహా గుర్తున్నది, ఇదొక్కటే.

రాజీనామా మీద సంతకం పెడితే పోలీసు కేసు ఉండదన్నారు. పెట్టాడు. పోయే ముందు జనరేటరు గదికి వెళ్ళి రెండు ఇంజన్ల ఆయిలు చూసి, గుడ్డ మడిచి పెట్టి, క్యాను తీసుకుని వెళ్ళాడని తర్వాత ఎవరో చెప్పారు. నేను చూడలేదు. చూడకుండా ఉండడానికే ఆ పూట షాపు ఫ్లోరులో, మెషీన్ల దగ్గర, ఏదో పని పెట్టుకున్నాను.

కొత్త ఆపరేటరు వచ్చాడు. అతను చార్టును తు.చ. తప్పకుండా పాటించాడు. ఎర్ర టేపు గీకి పారేశాడు. డీజిల్ గంటకు నూట ఒకటికి దిగింది! మేనేజరు రిజిస్టరు నా ముందు పెట్టి, “చూశావా, దొంగ పోయాడు, లీటరు మిగిలింది” అన్నాడు. ఆ వారమంతా నేను నిశ్చింతగా నిద్రపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, గర్వపడ్డాను కూడా. లెక్క రుజువైంది కదా.

రెండో నెలలో, ఒక మధ్యాహ్నం పాత ఇంజను ఆవిరి కక్కి ఆగిపోయింది. సిలిండరు హెడ్డు పగిలింది. విప్పి చూసిన మెకానిక్, “రెండు వందలు దాటించవద్దని పోయినసారి చెప్పిపోయాం కదా, ఆపరేటరు లేడా?” అని అడిగాడు.

నా బల్ల దగ్గరికి పోయి తెల్ల కాగితం తీశాను. పాతదాని గరిష్ఠం 320 కొట్టేసి 200 వేశాను. హద్దు లేకపోతే సమాధానం 250కి పోతుంది, కాబట్టి ఈ హద్దు బిగుస్తుంది. పాతది 200, కొత్తది 200. మిగతా మూడు హద్దులూ వదులే. పాతదానికి ఇంకొక్క కిలోవాటు అదనపు ఖర్చు 0.24, కొత్తదానికి 0.28. తేడా 0.04. అదే బిగిసిన హద్దు గుణకం. మైనస్ కాదు. షరతులన్నీ నెరవేరాయి, కాబట్టి ఆ ఇంజనుతో అంతకన్నా తక్కువలో ఎవరూ నడపలేరు. పాతది నలభై ఎనిమిది లీటర్లు, కొత్తది యాభై నాలుగు. మొత్తం నూట రెండు.

ఆ 0.04 ఏమిటో నాకు బాగా తెలుసు. టేపును ఒక్క కిలోవాటు ముందుకు జరిపితే గంటకు నలభై మిల్లీలీటర్లు మిగులుతాయి. జరిపేకొద్దీ ఆ మిగులు తగ్గుతూ పోయి రెండు వందల యాభై దగ్గర సున్నా అవుతుంది. అంతా కలిపితే సరిగ్గా ఒక లీటరు. ఎవరూ డీజిల్ తీయలేదు. ఆ లీటరు ఇంజను ప్రాణానికి ఆయన కట్టిన వెల. నేను దాన్ని క్యానులో వెతికాను. చదువు రాదనుకున్న మనిషి అతి తక్కువ ఖర్చు ఎక్కడుందో చూసి, సరిగ్గా అక్కడే ముల్లును నిలిపాడు. క్లాసుకు మొదటివాణ్ణి నేను, హద్దు ఎక్కడుందో చూడకుండా అది వదులుగా ఉందని తేల్చాను.

కుడి మూల తేదీ వేసి మేనేజరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. కాగితం చదివి తిరిగి ఇచ్చేశాడు.

“ఇది ఫైల్లో పెడితే హెడ్డు పగిలింది ఎవరి చార్టు వల్ల అని పైవాళ్ళు అడుగుతారు,” అన్నాడు. “నీ ఉద్యోగానికి కన్ఫర్మేషన్ ఇంకా రాలేదు కదా?”

రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన బెదిరించాడని చెప్పుకుంటే నాకు తేలికగా ఉంటుంది గానీ, ఆయన ఒక ప్రశ్న అడిగాడు, అంతే. భయం నాదే. తర్వాతి నెల కన్ఫర్మేషన్ వచ్చింది. అప్పటికి ఆ విషయం ఎత్తడం ఇంకా కష్టమైంది. ఆ తర్వాత ఇంకా. మత్తిగిరి వైపు పని పడితే వేరొకర్ని పంపేవాణ్ణి. ఆయన ఇల్లు ఖాళీ చేసి ఊరికి పోయాడని తెలిశాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంతకన్నా నీచమైన హాయి నేను ఎరగను.

కొన్నాళ్ళకు ఆ ఫ్యాక్టరీ వదిలి కృష్ణగిరిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. ఆప్టిమైజేషన్ నా సబ్జెక్టే. ‘ఇంతకు మించకూడదు’ అనే అసమానత హద్దుల పాఠం వచ్చినప్పుడల్లా ఆ రెండు జనరేటర్ల లెక్కే ఇచ్చేవాణ్ణి, అంకెలు మార్చకుండా. ముందు హద్దు లేకుండా చేయండి, తర్వాత 200 పెట్టి చేయండి, ఏది బిగిసిందో చూడండి, గుణకం మైనస్ కాలేదని చూసుకోండి. ఎవరికీ అనుమానం రాలేదు. ఒక ఏడు, మూడో బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచింది. తళి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల.

“సార్, ప్లేటు మీద మూడు వందల ఇరవై అని మీరే ఇచ్చారు కదా. మరి ఈ రెండు వందలు ఎవరు చెప్పారు?”

బోర్డు వైపు తిరిగి సుద్దముక్క వెతుక్కున్నాను. అది నా చేతిలోనే ఉంది. “ఇంజను నడిపే ఆయన చెప్పాడమ్మా” అన్నాను. పిల్లలు రాసుకున్నారు. గంట కొట్టేదాకా ఇంకేం చెప్పానో నాకు గుర్తులేదు.

ఆ ఆదివారం పొద్దునే హోసూరు మీదుగా డెంకణికోటకు పోయాను. ఆ పాత కాగితం తీసుకునే పోయాను, నా దగ్గర భద్రంగానే ఉండింది. అక్కడినుంచి ఇంకొక బస్సు, ఆపైన రెండు కిలోమీటర్ల నడక. అడవి అంచు పల్లె. టమాటా తోట పక్కన పంపుసెట్టు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేచాడు. నాకు అది ఇంకా కష్టమైంది.

“మీరా సార్! ఇంత దూరం ఎట్ల వచ్చినారప్పా? రాండి, ఈడ నీడలో కూర్చోండి.”

వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. నన్ను ఎవరని అడగలేదు, తెలిసినట్టే ఉంది. పంపు పక్కన ఆ తెల్ల క్యాను ఉంది, పసుపుపచ్చబడి. నేను దాని వైపే చూస్తుండడం ఆయన గమనించాడు.

“ఇప్పుడు దాంట్లో నిజంగానే డీజిలే సార్,” అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను. కాగితం తీసి ఇచ్చాను. “మీ గీటు పెట్టి లెక్క వేశానన్నా. నూట రెండే వచ్చింది. మీరు చెప్పిందే నిజం. తప్పు నాది.”

ఆయన చేతులు తుడుచుకుని కాగితం జాగ్రత్తగా పట్టుకున్నాడు. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు బాగా తెలుసు. వేలు మెల్లగా దింపుతూ పోయి ఒకచోట ఆపాడు.

“ఈ రెండు వందలు నా గీటే కదా?”

“మీదే అన్నా.”

“కడన నూట రెండు.” కొంచెంసేపు దాన్నే చూశాడు. మొహం విప్పారింది. భార్యను పిలిచి చూపించాడు. “చూడు, సార్ రాసినాడు. లీటరు యాడికీ పోలా.” ఆమె కొంగుతో మూతి కప్పుకుని తల ఊపింది.

“గేటు కాడికి వచ్చి అందరికీ చెబుతానన్నా” అన్నాను.

“ఆ గేటులో ఇప్పుడు ఎవరుండారప్పా? ఆ మనుషులందరూ తలా ఒక దిక్కు పోయినారు. మా వాళ్ళకు చూపిస్తాను, ఈ కాయితం నాకియ్యండి చాలు.”

మడిచి జేబులో పెట్టుకోబోయి మళ్ళీ విప్పాడు. కుడి మూలకు కళ్ళు పోయాయి. పెదవులు కదిలాయి. వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. నేను ఆ తేదీ గురించి ఆలోచించనే లేదు.

“సార్, ఇది నేను వచ్చేసిన రెండు నెలలకు వేసింది కదా?”

“అవునన్నా.”

“ఆరేండ్లాయె.” అరవలేదు. గొంతు మాత్రం మారింది. “ఆరేండ్లు మీ కాడే పెట్టుకోనుండారా?”

ఆయన కాగితం మడిచి భార్య చేతికిచ్చి, పంపు దగ్గరికి పోయి మళ్ళీ పని మొదలుపెట్టాడు. నేను పోయివస్తానని చెబితే తలెత్తకుండానే, “బస్సు రెండు గంటలకుంది సార్, నిదానంగా పోండి” అన్నాడు.